వీరగల్లు స్కాన్‌లోంచి ఎండని తీసేయడం: ప్రాజెక్టు డైరీ

అమ్మమ్మ వాళ్ళ ఊరు జనగామ వైపు, అక్కడ చెరువు కట్ట దిగువన ఒక వీరగల్లు ఉంది. నల్లరాయి పలక, ఎత్తు 1.2 మీటర్లు, వెడల్పు 60 సెంటీమీటర్లు, ముందువైపు కత్తి ఎత్తిన వీరుడు, శిల్పం దాదాపు 4 సెంటీమీటర్లు పైకి తేలి ఉంటుంది. ముఖం తూర్పుకి. జనవరిలో పొద్దున 9:10 నుంచి 9:38 దాకా 164 ఫోటోలు తీశా, కెమెరా మాన్యువల్‌లో పెట్టి, ISO 100, f/8, 1/250. ఫోటోల నుంచి 3D ఆకారం కట్టే మెష్‌రూమ్‌లో మెష్ వచ్చింది, అంటే ట్రయాంగిల్స్‌తో అల్లిన రాయి ఆకారం. చూడ్డానికి బాగానే ఉంది కానీ వీరుడి కత్తి నీడ రాతికి అచ్చుగుద్దినట్టు టెక్స్చర్‌లోనే, అంటే మెష్ మీద పరిచిన ఫోటో రంగులోనే, ఉండిపోయింది, బ్లెండర్‌లో ఏ వైపు నుంచి లైటు వేసినా ఆ జనవరి ఎండే కనబడుతుంది. ఈ డైరీ ఎక్కువగా ఆ ఎండని ఎలా తీశానన్నదాని గురించే, మెష్ పని కూడా రాస్తున్నా ఎందుకంటే అక్కడ ఏం ఉంచుకున్నా, ఏం తగ్గించా అన్నది తర్వాత ఎండ తీసే పనిలో తేడా తెచ్చింది.

దశ 1: కోయడం, కొలతకి తేవడం

మెష్‌రూమ్ ఇచ్చిన మెష్ 86 లక్షల ట్రయాంగిల్స్. అందులో మూడో వంతు పైన నేల, గడ్డి, వెనక గోడ ముక్కలు.

1. బ్లెండర్‌లో నేలని కోసేశా. రాయి అడుగున మాత్రం 3 సెంటీమీటర్ల మట్టి అంచు ఉంచా, ఎందుకో దశ 7లో తెలుస్తుంది.
2. గాల్లో తేలే ముక్కలు తీసేశా (ఒక ఫేస్ సెలెక్ట్ చేసి `Ctrl+L`, తర్వాత ఇన్వర్ట్, డిలీట్).
3. మెష్‌రూమ్ మెష్‌కి అసలు కొలత ఉండదు. ఫోటోలు తీసేటప్పుడు రాయి పక్కన 30 సెంటీమీటర్ల స్టీలు స్కేలు పెట్టా, అది మెష్‌లో 0.412 యూనిట్లు వచ్చింది. అంటే 0.3 ÷ 0.412 = 0.728, మొత్తాన్ని దాంతో స్కేల్ చేసి అప్లై చేశా.

ఇప్పటిదాకా: 51 లక్షల ట్రయాంగిల్స్, 3 గంటలు.

దశ 2: డెసిమేట్, మొదటిసారి చెడిపోయింది

మొదటి తప్పు ఇక్కడే. టెక్స్చర్ ఉన్న మెష్ మీదే, ట్రయాంగిల్స్ తగ్గించే డెసిమేట్ మాడిఫైయర్ పెట్టి `Collapse` 0.1 ఇచ్చా. ఆకారం పర్లేదు కానీ టెక్స్చర్ చిరుగులు చిరుగులు అయిపోయింది. స్కాన్ సాఫ్ట్‌వేర్ వేసే యూవీలు, అంటే మెష్‌ని విప్పి టెక్స్చర్ మీద పరిచిన మ్యాప్, వేల చిన్న ముక్కలుగా ఉంటాయి, రెండు ముక్కల మధ్య అంచు ఉన్నచోట ఒక వెర్టెక్స్ కలిసిపోయిందంటే అటు ముక్క రంగు ఇటు సాగుతుంది, దాంతో వీరుడి చెంప మీద గడ్డి పచ్చ వచ్చింది. కాబట్టి డెసిమేట్ చేసేటప్పుడు టెక్స్చర్ సంగతి వదిలేయాలి, అసలు మెష్‌ని అలాగే పక్కన పెట్టుకుని, తగ్గించిన దానికి కొత్త యూవీలు వేసి, రంగు తర్వాత ఎక్కించుకోవాలి.

రెండోసారి యూవీలు తీసేసి మెష్‌ల్యాబ్‌లో `Quadric Edge Collapse Decimation`తో 6 లక్షలకి దించా. అప్పుడు ఇంకోటి బయటపడింది. వీరుడి కళ్ళు, మీసం మెత్తబడిపోయాయి, కానీ ఏ చెక్కడమూ లేని వెనకవైపు మాత్రం ట్రయాంగిల్స్ కిక్కిరిసి ఉన్నాయి. బ్లెండర్‌లో `Statistics` ఆన్ చేసి వెనకవైపు సెలెక్ట్ చేస్తే 55 శాతం అక్కడే ఉన్నాయి! కారణం ఏంటంటే వెనక గోడకీ రాయికీ మధ్య సందు తక్కువ, అక్కడ నాకు దొరికింది 14 ఫోటోలే, అందుకే ఆ ఉపరితలం 2-3 మిల్లీమీటర్ల బుడిపెలతో గరుకుగా వచ్చింది. ఈ పద్ధతి ఒక అంచుని తీసేస్తే ఆకారం ఎంత మారుతుందనేదే లెక్కేస్తుంది, ఆ బుడిపె నిజం చెక్కడమా లేక స్కాన్ నాయిసా అన్నది దానికి తెలియదు, నాయిస్‌ని కూడా వివరం అనుకుని కాపాడుతుంది.

మార్చింది:

1. 51 లక్షల మెష్‌లో వెనకవైపు, పక్కల వెనక సగం మాత్రమే సెలెక్ట్ చేసి వెర్టెక్స్ గ్రూప్ చేశా.
2. ఆ గ్రూప్ మీద మాత్రమే `Smooth` మాడిఫైయర్, 20 రిపీట్లు.
3. తర్వాత మళ్ళీ మెష్‌ల్యాబ్, మళ్ళీ అదే 6 లక్షలు.

ఈసారి ముందువైపుకి మూడింట రెండొంతులు వచ్చాయి. మెష్‌ల్యాబ్‌లోనే `Hausdorff Distance`తో అసలు మెష్‌కీ దీనికీ తేడా కొలిచా. వీరుడి ముఖం దగ్గర మొదటిసారి సగటు తేడా 0.9 మిల్లీమీటర్లు, ఇప్పుడు 0.3. మొత్తం లెక్క అంతే, ఖర్చు పెట్టిన చోటు మారింది.

ఇప్పటిదాకా: 51 లక్షల అసలు మెష్ (పక్కన భద్రంగా), 6 లక్షల పని మెష్, 8 గంటలు.

దశ 3: రీటోపో, యూవీ

రీటోపో అంటే అదే ఆకారం మీద నాలుగు అంచుల క్వాడ్‌లతో తేలికైన లో మెష్ అల్లడం. దానికోసం ఇన్‌స్టంట్ మెషెస్‌కి 6 లక్షల మెష్ ఇచ్చి 6 వేల వెర్టెక్స్‌ల దగ్గర టార్గెట్ పెట్టా. ఆటోమేటిక్‌గా వదిలేస్తే క్వాడ్‌లు కత్తి మీద ఏటవాలుగా, మెలిక తిరుగుతూ వచ్చాయి. కత్తి అంచు 1.5 సెంటీమీటర్ల మందం, దానికి అడ్డంగా క్వాడ్ పడితే ఆ అంచు రంపంలా కనిపిస్తుంది, చిన్న వివరాలని వెలుగులో మాత్రమే చూపించే నార్మల్ మ్యాప్ వేసినా అవుట్‌లైన్ మారదు కదా. అందుకే ఓరియెంటేషన్ బ్రష్‌తో కత్తి పొడుగునా ఒక గీత, భుజం చుట్టూ ఒకటి, పలక నాలుగు అంచుల వెంబడి ఒక్కోటి గీశా. గీసినప్పుడల్లా మళ్ళీ సాల్వ్ చేయించి చూడాలి, మొత్తం ఏడు గీతలు పట్టాయి. కింద మట్టి అంచుని, వెనకవైపుని దాని ఇష్టానికి వదిలేశా.

తర్వాత బ్లెండర్‌లో:

1. లో మెష్ మీద `Shrinkwrap`, టార్గెట్ 51 లక్షల మెష్. ఇన్‌స్టంట్ మెషెస్ కొంచెం లోపలికి కుంచించింది, భుజం దగ్గర 2 మిల్లీమీటర్ల దాకా, ఇది పెట్టాక సరిపోయింది.
2. సీమ్‌లు పలక పక్కల వెనక అంచుల మీదే వేశా. ముందువైపు అంతా ఒకే ముక్క. శిల్పం మీద ఒక్క సీమ్ కూడా లేదు, ఇది ఎండ తీసేటప్పుడు చాలా కలిసొచ్చింది, నీడ అంచుని చేత్తో దిద్దాల్సి వచ్చినప్పుడు ముక్కలు దాటాల్సిన పని లేదు.
3. 4096 టెక్స్చర్‌లో ముందువైపు ఎత్తు 2,400 పిక్సెళ్ళు పట్టేలా సర్దా. 1,200 మిల్లీమీటర్లకి 2,400, అంటే పిక్సెల్‌కి అర మిల్లీమీటర్.

ఇప్పటిదాకా: 5,800 క్వాడ్‌లు, అంటే 11,600 ట్రయాంగిల్స్. 15 గంటలు.

దశ 4: నార్మల్ బేక్

దీని గురించి పెద్దగా చెప్పేది లేదు, ఒక్క పొరపాటు తప్ప. బేక్ అంటే అసలు మెష్ వివరాలని లో మెష్ ఇమేజ్‌లోకి ఎక్కించడం. సైకిల్స్‌లో `Selected to Active`, ఎక్స్‌ట్రూజన్ 4 సెంటీమీటర్లు ఇచ్చా, శిల్పం లోతు అంత ఉంది కదా అని. కానీ ఆ దూరం లో మెష్‌కీ అసలు మెష్‌కీ ఉన్న తేడాకి సరిపోతే చాలు, శిల్పం లోతుతో సంబంధం లేదు. ఎక్కువ ఇచ్చేసరికి ఛాతీకి పైనుంచి లోపలికి వచ్చే కిరణాలు దారిలో ఉన్న చెయ్యికి తగిలి, ఛాతీ మీద మోచేయి అచ్చు పడింది. 8 మిల్లీమీటర్లకి దించితే పోయింది. నార్మల్ మ్యాప్ ఇమేజ్‌ని `Non-Color`గా పెట్టడం మర్చిపోవద్దు.

ఇప్పటిదాకా: 19 గంటలు.

దశ 5: ఎండ తీయడం, పనికిరాని రెండు దారులు

మొదటి దారి, హై పాస్. టెక్స్చర్‌ని బాగా బ్లర్ చేసి అందులోంచి తీసేస్తే పెద్ద పెద్ద వెలుగు తేడాలు పోతాయి. పోయాయి కూడా, కానీ వాటితోపాటు వీరుడి నుదుటి కుంకుమ చుట్టూ బూడిద వలయం వచ్చింది, పాదాల దగ్గర ఉన్న నలుపు సగం తేలిపోయింది, కత్తి నీడ అంచు మాత్రం కత్తితో గీసినట్టు అలాగే ఉంది. ఎందుకంటే నీడ అంచు చాలా పదునైన తేడా, బ్లర్‌కి దొరకదు.

రెండో దారి, యాంబియెంట్ అక్లూజన్, అంటే సందుల్లోకి వెలుగు ఎంత తక్కువ వెళ్తుందో చూపే మ్యాప్, బేక్ చేసి దాంతో టెక్స్చర్‌ని భాగించడం. ఫోటోలో కనబడేది రాయి రంగుని వెలుగుతో గుణించినది కాబట్టి, వెలుగుతో భాగిస్తే రంగు మిగలాలి. ఇది మబ్బు రోజు తీసిన స్కాన్‌కి పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ వెలుగు అన్నివైపుల నుంచీ వస్తుంది. నాది ఎండలో తీసింది. అక్లూజన్‌కి సూర్యుడు ఎక్కడున్నాడో తెలియదు కాబట్టి కత్తికి రెండు వైపులా సమానంగా వెలిగించింది, నీడ ఉన్నది మాత్రం కుడివైపే.

పైగా పాదాల దగ్గర నలుపు ఏంటో నాకే తేలలేదు. గుంటలో ఉంది కాబట్టి నీడే అనుకుని వెలిగించేశా. తర్వాత వారం ఊరికెళ్ళినప్పుడు, రోజూ అక్కడ దీపం పెట్టే పెద్దమ్మకి ఫోన్‌లో చూపించి అడిగా. "గది నీడ గాదు బిడ్డా, దీపం మసి. మీద నూనె గూడ పూస్తం గద, ఎన్నేండ్ల సంది పట్టిందో" అంది. వేలితో అక్కడ తడిమి నాకు చూపించింది, వేలి కొసకి నల్లటి జిడ్డు. అంటే అది రాయి మీద ఉన్న రంగే, స్కాన్‌లో ఉండి తీరాల్సింది. దాన్ని చెరిపేస్తే ఆ రాయి చరిత్రలో కొంత చెరిపినట్టే.

అక్కడి నుంచి పద్ధతి మార్చా. నల్లగా ఉన్నదల్లా తీసేయడం కాదు, ఆ రోజు ఆ టైముకి సూర్యుడు, ఆకాశం, నేల కలిసి రాతి మీద ఎక్కడెక్కడ ఎంత వెలుగు వేశాయో బ్లెండర్‌లో మళ్ళీ కట్టి, ఆ వెలుగుతో మాత్రమే భాగించాలి. వెలుగు లెక్కలో లేని నలుపు దానంతటదే మిగిలిపోతుంది.

ఇప్పటిదాకా: 24 గంటలు, అందులో 5 వృథా.

దశ 6: నీడని కొలవడం

భాగించాలంటే ఎండలో వెలుగు నీడలో వెలుగుకి ఎన్ని రెట్లో తెలియాలి. కత్తి నీడ అంచుకి అటొక చుక్క ఇటొక చుక్క, రెండూ ఒకే రకం రాయి, మధ్య దూరం 1 సెంటీమీటర్. కెమెరా ఇచ్చిన జేపెగ్‌లో కొలిస్తే ఒక ఫోటోలో 2.9 రెట్లు, ఇంకో ఫోటోలో 3.6. ఎక్స్‌పోజర్ మాన్యువల్‌లో ఉన్నా ఇలా ఎలా అని వెతికితే, కెమెరాలో నీడల్ని తేలిక చేసే ఆప్షన్ ఆన్‌లో ఉంది, ప్రతి ఫోటోలో ఫ్రేమ్‌ని బట్టి వేరేలా పనిచేస్తోంది. అలాంటి ఫోటోలతో ఏ లెక్కా కుదరదు.

అదృష్టం కొద్దీ కెమెరా ఏ మార్పూ చేయని రా ఫైళ్ళు కూడా ఉన్నాయి. రాథెరపీలో `Neutral` ప్రొఫైల్‌తో 164నీ 16-బిట్ టిఫ్‌గా తీశా. వాటిని పాత జేపెగ్‌ల స్థానంలో పెట్టి టెక్స్చర్ మళ్ళీ వేయిస్తే మొత్తం కొంచెం పక్కకి జరిగి, అంచుల్లో రెండేసి గీతలు వచ్చాయి. రా నుంచి తీసిన ఇమేజ్ పిక్సెల్ సైజు జేపెగ్‌తో సమానం కాదు, లెన్స్ వంపు సర్దుబాటు కూడా జేపెగ్‌లోనే జరిగి ఉంది. అందుకని టిఫ్‌లతో కెమెరాల అలైన్‌మెంట్ మళ్ళీ మొదటినుంచీ చేయించాల్సి వచ్చింది, ఒక రాత్రి పట్టింది. కొత్త అలైన్‌మెంట్‌లో రాయి వేరే చోట వేరే సైజులో ఉంటుంది కాబట్టి:

1. కొత్త రఫ్ మెష్‌నీ పాత మెష్‌నీ క్లౌడ్‌కంపేర్‌లో తెరిచి, నాలుగు పాయింట్లతో దగ్గరికి తెచ్చా.
2. తర్వాత రెండు మెష్‌లనీ దానంతటదే కచ్చితంగా కలిపే ICP, `adjust scale` ఆన్.
3. అది చూపించిన 4×4 మ్యాట్రిక్స్‌లని కాపీ చేసి బ్లెండర్‌లో లో మెష్‌కి పెట్టా. లో మెష్‌ని క్లౌడ్‌కంపేర్ ద్వారా సేవ్ చేయలేదు, యూవీలకి ఏమైనా అవుతుందేమో అని.
4. ఆ మెష్‌ని మెష్‌రూమ్ `Texturing` నోడ్‌కి `inputMesh`గా ఇచ్చా. నా యూవీల మీదే రంగు పడింది.

మొదలుపెట్టేటప్పుడే రా నుంచి పని చేసి ఉంటే ఈ నాలుగు స్టెప్‌లూ ఉండవు, మీరు అలా చేయండి.

ఇప్పుడు కొలత. మామూలు ఇమేజ్‌లో ఉండే 0-255 అంకెలు వెలుగు కొలతలు కావు, గామా వేసినవి. ముందు లీనియర్‌లోకి మార్చాలి, ఒక్కో ఛానెల్‌కి: `((c/255 + 0.055) / 1.055) ^ 2.4`.

- ఎరుపు: ఎండలో 186, నీడలో 84. లీనియర్‌లో 0.491, 0.089. అంటే 5.5 రెట్లు.
- ఆకుపచ్చ: 172, 90. లీనియర్‌లో 0.412, 0.102. 4.0 రెట్లు.
- నీలం: 150, 98. లీనియర్‌లో 0.305, 0.122. 2.5 రెట్లు.

గామా తీయకుండా 186ని 84తో భాగిస్తే 2.2 వస్తుంది, అసలు 5.5. అందుకే మామూలు ఎడిటర్‌లో లేయర్ పెట్టి భాగిస్తే నీడ ఎప్పుడూ సగమే పోతుంది. ఇంకోటి, మూడు ఛానెళ్ళకీ ఒకే సంఖ్య రాలేదు చూడండి. నీడలో పడేది ఆకాశం వెలుగు, అది నీలం. ఒకే బూడిద రంగు మ్యాప్‌తో భాగిస్తే నీడ వెలుగవుతుంది కానీ నీలం మరకలా మిగులుతుంది. మసికి నీడకి తేడా పట్టుకోవడం కూడా ఇక్కడే కుదిరింది: నీడ పడితే నీలం తక్కువ తగ్గుతుంది, ఎరుపు ఎక్కువ తగ్గుతుంది. పాదాల దగ్గర మసిలో మూడూ దాదాపు ఒకేలా తగ్గాయి. పెద్దమ్మ వేలు చూపించిందే అంకెల్లోనూ కనబడింది.

ఇప్పటిదాకా: 31 గంటలు.

దశ 7: ఆ రోజు ఎండని బ్లెండర్‌లో కట్టడం

1. రాయిని నిలువుగా, ముఖం తూర్పుకి తిప్పా. ఫోన్ కంపాస్‌తో దిక్కు తీసుకున్నా.
2. `Sun Position` యాడాన్‌లో ఊరి అక్షాంశం, రేఖాంశం, తేదీ, టైము, UTC 5.5 ఇచ్చా. 9:15కి సూర్యుడు 30 డిగ్రీల ఎత్తున, ఉత్తరం నుంచి 128 డిగ్రీల దగ్గర, అంటే ఆగ్నేయాన.
3. సన్ లైటు సైజు 0.53 డిగ్రీలు, ఆకాశంలో సూర్యుడి సైజు అంతే.
4. వరల్డ్ రంగు ఒకే తెలుపు.
5. రాతికి 0.3 బూడిద రంగు డిఫ్యూజ్ మెటీరియల్.

వ్యూపోర్ట్‌లో కత్తి నీడ ఫోటోలో నీడకంటే బాగా పక్కకి పడింది. టైము తప్పా అని చూశా, కాదు. కంపాస్ 9 డిగ్రీలు తప్పు చూపించింది, రాయి పక్కనే దీపాల ఇనప స్టాండు ఉంది. రాయిని కొంచెం కొంచెం తిప్పుతూ నీడ అంచు ఫోటోతో కలిసేదాకా సరిచేశా. కంపాస్‌ని నమ్మడం కన్నా నీడనే దిక్సూచిగా వాడుకోవడం మేలు.

అయినా ఒక చిక్కు మిగిలింది. టెక్స్చర్‌లో నీడ అంచు పదునుగా లేదు, దాదాపు సెంటీమీటర్ వెడల్పున పాకినట్టు ఉంది. లెక్క వేస్తే అర్థమైంది. 28 నిమిషాల్లో సూర్యుడు ఆరున్నర డిగ్రీలు జరుగుతాడు. 4 సెంటీమీటర్ల శిల్పం వేసే నీడ ఆ లోపు పక్కకి 6, కిందకి 9 మిల్లీమీటర్లు కదులుతుంది. మెష్‌రూమ్ 9:10 ఫోటోనీ 9:38 ఫోటోనీ ఒకేచోట కలిపేస్తుంది కాబట్టి రెండు నీడలూ కలిసి పాకాయి. ఫోటోల టైములు తిరగేస్తే ముందువైపు దగ్గరి నుంచి తీసిన 38 ఫోటోలు 9:12 నుంచి 9:18 లోపలే ఉన్నాయి. ముందువైపు టెక్స్చర్‌కి ఆ 38 మాత్రమే వాడా, పక్కలకీ వెనక్కీ మిగతావాటితో ఇంకో టెక్స్చర్ వేసి అంచు మీద కలిపా. ఆరు నిమిషాల్లో నీడ కదిలేది 2 మిల్లీమీటర్ల లోపే, అంటే నాలుగు పిక్సెళ్ళు. ఈ ఒక్క మార్పు తర్వాత చేత్తో దిద్దే పనిని బాగా తగ్గించింది.

తర్వాత బేక్. ఇక్కడ రెండో పెద్ద తప్పు: మొదట 6 లక్షల మెష్ నుంచి వెలుగు బేక్ చేశా. మీసం, నగల దగ్గర చిన్న నీడలు ఫోటోలో ఉన్నచోట పడలేదు, భాగించాక తెల్ల గీతా నల్ల గీతా పక్కపక్కనే వచ్చాయి. వెలుగు లెక్కకి మాత్రం 51 లక్షల మెష్షే కావాలి. అది పక్కన దాచి ఉంచబట్టి సరిపోయింది. (దశ 6 మ్యాట్రిక్స్‌లు దానికి పెట్టలేదు, పాత చోటే ఉన్న లో మెష్ కాపీ మీదకే బేక్ చేశా, యూవీలు ఒకటే కదా.)

బేక్ టైపు డిఫ్యూజ్, `Color` టిక్ తీసేయాలి, ఇమేజ్ 32-బిట్ ఫ్లోట్, ఆల్ఫా లేకుండా EXR. రెండు బేక్‌లు: వరల్డ్ ఆఫ్ చేసి సూర్యుడొక్కడే ఒకటి, సూర్యుణ్ణి ఆఫ్ చేసి ఆకాశం ఒక్కటే ఒకటి. ఎండలో కొలిచిన చుక్క దగ్గర రెండూ 1 వచ్చేలా స్కేల్ చేశా. ఎండలో వెలుగు అంటే ఆకాశం ప్లస్ సూర్యుడు, కాబట్టి 5.5, 4.0, 2.5లోంచి ఆకాశం వాటా 1 తీసేస్తే సూర్యుడి వాటా ఎరుపులో 4.5, ఆకుపచ్చలో 3.0, నీలంలో 1.5.

```python
import os
os.environ["OPENCV_IO_ENABLE_OPENEXR"] = "1"
import cv2, numpy as np
T = cv2.imread("front_linear.exr", -1)
S = cv2.imread("sun.exr", -1)
A = cv2.imread("sky.exr", -1)
k = np.array([1.5, 3.0, 4.5], np.float32)  # B, G, R
E = A + S * k
cv2.imwrite("albedo.exr", T / np.maximum(E, 0.05))
```

ఓపెన్‌సీవీ ఛానెళ్ళని నీలం నుంచి మొదలుపెడుతుంది. నేను మొదట ఎరుపు ముందు రాశా, నీడలన్నీ ముదురు నీలంగా వచ్చాయి, అరగంట వెతుక్కున్నా.

సరిగ్గా పెట్టాక కత్తి నీడ పోయింది! రాయి మాత్రం మొత్తం చీకటిగా, నీలంగా ఉంది, అది సహజమే, లెక్క అంతా ఆకాశం వెలుగుని 1 అనుకుని చేశాం. రాతికి ఆనించి పెట్టిన గ్రే కార్డు ఫోటో ఒకటి ఉంది, దాని లీనియర్ విలువని అదే వెలుగుతో భాగించి, 0.18 రావడానికి ఒక్కో ఛానెల్‌ని ఎంతతో గుణించాలో చూసి, మొత్తం టెక్స్చర్‌ని దాంతో గుణించా.

కింద 20 సెంటీమీటర్లు ఎర్రగా మిగిలింది. మొదట కుంకుమ కారిందేమో అనుకున్నా, కానీ పలక వెడల్పంతా ఒకేలా పాకి, పైకి వెళ్ళేకొద్దీ సన్నగిల్లుతోంది. అది ఎండ పడ్డ ఎర్రమట్టి నేల నుంచి ఎగిరొచ్చిన వెలుగు. దశ 1లో ఉంచిన మట్టి అంచు ఇక్కడ పనికొచ్చింది, దాని ఎత్తుకి సరిగ్గా ఒక ప్లేన్ పెట్టి, ఫోటోలోంచి మట్టి రంగు ఇచ్చి, `Indirect` ఆన్ చేసి రెండు బేక్‌లూ మళ్ళీ చేశా. ఎరుపు పోయింది, కుంకుమ బొట్టు చెక్కు చెదరలేదు.

ఇప్పటిదాకా: 43 గంటలు.

దశ 8: మిగిలిన అంచులు

నీడ అంచుల మీద 3-4 పిక్సెళ్ళ వెడల్పున సన్న గీతలు మిగిలాయి. సూర్యుడి బేక్‌లో విలువ ఒక్కసారిగా మారే చోట్లని పట్టుకుని మాస్క్ చేశా, దాన్ని 3 పిక్సెళ్ళు పెంచి, క్రిటాలో ఆ మాస్క్ లోపల మాత్రమే పక్క రాయి నుంచి క్లోన్ చేశా. మాస్క్ బయట ఒక్క పిక్సెల్ కూడా చేత్తో ముట్టుకోలేదు. మూడున్నర గంటలు.

పోనివి రెండున్నాయి. చంక కింద లోతైన నీడలో ఫోటోలోనే సమాచారం తక్కువ, అక్కడ వెలుగుతో పాటు నాయిస్ కూడా అన్ని రెట్లు పెరిగి రాయి ఇసకలా కనిపిస్తోంది. ఇక పాదాల దగ్గర నూనె మెరుపులు: మెరుపు కెమెరా ఎక్కడుందో దాన్ని బట్టి మారుతుంది, బేక్ చేసిన డిఫ్యూజ్ వెలుగులో అది ఉండదు, కాబట్టి భాగహారంతో పోదు. దానికి లైటుకీ లెన్స్‌కీ పోలరైజర్లు అడ్డంగా పెట్టి మళ్ళీ తీయాలి.

దశ 9: సరిచూసుకోవడం

నీడ పోయింది అని కంటితో అనుకోవడం సరిపోదు కాబట్టి ఇంకోసారి ఊరెళ్ళినప్పుడు సూర్యాస్తమయం అయ్యాక, ఇంకా ఆకాశంలో వెలుగు ఉండగా, అదే గ్రే కార్డు పెట్టి ముందువైపు 12 ఫోటోలు తీశా. ఆ వెలుగులో నీడ అంచులు ఉండవు. మసి, కుంకుమ వదిలేసి (మధ్యలో కొత్త నూనె పూశారు) రాతి మీద పది చోట్ల నా టెక్స్చర్‌నీ ఆ ఫోటోలనీ లీనియర్‌లో పోల్చా.

- ఎండ పడ్డ నాలుగు చోట్ల: తేడా 4 శాతం లోపు.
- కత్తి నీడ, చేతి నీడ పడ్డ ఐదు చోట్ల: 5 నుంచి 8 శాతం, అన్నీ నా టెక్స్చర్‌లోనే కొంచెం చీకటి.
- చంక కింద: 19 శాతం.

నీడ చోట్లన్నీ ఒకే వైపు తప్పాయంటే నా రెట్ల కొలతే కొంచెం తక్కువ ఉందన్నమాట. ఒకే జత చుక్కలు తీసుకోవడం వల్ల అనుకుంటున్నా. ఆరు జతలు కొలిచి సగటు పెట్టి మళ్ళీ నడిపితే ఆ ఐదు చోట్లా 4 శాతం లోపుకి వచ్చాయి, చంక 17 దగ్గరే ఆగింది.

మొత్తం: 86 లక్షల నుంచి 11,600 ట్రయాంగిల్స్, 4096 టెక్స్చర్లు రెండు (రంగు, నార్మల్), 50 గంటలు. చంక కింద ముక్కకి మాత్రం ఆ సాయంత్రం ఫోటోలనే అలైన్ చేసి రంగు తీసుకుంటా, పాదాల దగ్గర నూనె మెరుపులకి పోలరైజర్ షీటు ఆర్డర్ పెట్టా, వచ్చాక ఈ డైరీలోనే దశ 10 రాస్తా.